న్యూట్రల్ లేని స్విచ్ డబ్బాలో వైఫై స్విచ్ బిగించడం ఎలా?

ముందు బోర్డు చూడండి. అందులో ప్లగ్ సాకెట్ ఉంటే న్యూట్రల్ కూడా ఉన్నట్టే. మామూలు వైఫై మాడ్యూల్ కొంటే చాలు, ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. ఇది రెండు తీగలు మాత్రమే ఉన్న ఒంటి స్విచ్ డబ్బా కోసం. బాత్‌రూమ్‌లో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు స్విచ్ అనుకుందాం.

కావలసినవి: న్యూట్రల్ అక్కర్లేదని రాసి ఉన్న మాడ్యూల్, దానితో వచ్చే కెపాసిటర్, టెస్టర్, స్క్రూడ్రైవర్.

ఎంసీబీ దించండి. ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపండి. మెయిన్ దించగానే ఇన్వర్టర్ అందుకుని అదే లైటు తీగకు కరెంటు ఇస్తుంది. తీగలు విప్పి దూరంగా ఉంచి, బల్బు తీసేసి, కరెంటు మళ్ళీ ఇచ్చి టెస్టర్ పెట్టండి. బాగా వెలిగింది ఫేజు, అది మాడ్యూల్ మీద ఎల్ అని రాసి ఉన్న చోటికి. రెండోది బల్బుకు పోయేది, అది ఎల్‌1కి. రెండోది మసకగా వెలిగితే అది పైపులో పక్క తీగ ప్రభావం. అసలు ఏదీ వెలగకపోతే స్విచ్‌కి ఫేజు బదులు న్యూట్రల్ వచ్చిందన్నమాట. ముందు అది సరిచేయించండి. తర్వాత అన్నీ మళ్ళీ ఆపి, మాడ్యూల్ బిగించండి.

ఎక్కువమంది పాడుచేసేది కెపాసిటర్ దగ్గరే. లైటు ఆపి ఉన్నప్పుడు కూడా మాడ్యూల్ బతకాలంటే కొద్దిపాటి కరెంటు బల్బు గుండానే పోవాలి. పాత ఫిలమెంటు బల్బు దాన్ని పట్టించుకోదు. ఎల్ఈడీలో మాత్రం ఆ కరెంటు కొంచెం కొంచెం పోగై, కొన్ని సెకన్లకోసారి బల్బు మిణుకుమంటుంది. కెపాసిటర్ ఆ కరెంటుకు వేరే దారి ఇస్తుంది. అందుకే అది బల్బు హోల్డర్‌కి వచ్చే రెండు తీగల మధ్యే, బల్బుకు సమాంతరంగా ఉండాలి. పైకెక్కడం బద్ధకమై స్విచ్ డబ్బాలోనే ఎల్‌కీ ఎల్‌1కీ మధ్య పెట్టేస్తారు. అప్పుడు కరెంటు మాడ్యూల్‌ని తప్పించుకుని నేరుగా బల్బుకు చేరుతుంది, మిణుకు ఇంకా పెరుగుతుంది. ఎక్స్2 రకం, 275 వోల్టుల ఏసీ అని రాసి ఉన్నదే వాడాలి.

ఎర్తు తీగను న్యూట్రల్‌గా వాడమని చెప్పే ఎలక్ట్రీషియన్‌ని పంపించేయండి. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ ఉంటే అది పడిపోతుంటుంది. లేకపోతే ఇంకా ప్రమాదం: ఎర్తు ఎక్కడైనా తెగిందంటే గీజరు ఒంటికి కరెంటు వస్తుంది.

ఫ్యానుకు ఈ మాడ్యూల్ వద్దు, లైటుకే. ఫోన్‌ని 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఉంచి యాప్‌లో జత చేయండి.

లైటు వేసినప్పుడల్లా యాప్‌లో మాడ్యూల్ మాయమైతే బల్బు వాట్లు చాలట్లేదు. మాడ్యూల్ మీద రాసిన కనీస లోడు కన్నా పెద్ద బల్బు పెట్టి చూడండి. అప్పటికీ నిలవకపోతే పైపులో ఒక నల్ల తీగ లాగించి న్యూట్రల్ తెచ్చుకోండి. పైపులో చోటుంటే అసలు మొదటే చేయవలసిన పని అదే.