ఏట్రియంలో పొగ లాగే ఫ్యాన్ సైజు, లోపలికొచ్చే గాలి దారి: లెక్క ఎలా చేయాలి?

విజయనగరంలో ఒక బట్టల కాంప్లెక్సుకి ఈ లెక్క చేశాం, అదే మొదట్నుంచీ చెప్తాను. గ్రౌండు, పైన రెండు ఫ్లోర్లు, మధ్యలో కప్పు దాకా ఖాళీ జాగా, అదే ఏట్రియం, 20 మీటర్లు పొడవు, 15 వెడల్పు, 16 మీటర్ల ఎత్తులో గాజు కప్పు. మా చేతికొచ్చిన కొటేషన్‌లో గంటకి 10 సార్లు గాలి మారితే చాలని రాసుంది. 4800 క్యూబిక్ మీటర్ల జాగాకి ఆ లెక్కన సెకనుకి 13 క్యూబిక్ మీటర్లు వస్తుంది. అసలు కావాల్సింది దానికి నాలుగింతల పైమాటే, ఎందుకో చూద్దాం.

ఏటంటే పొగ అంటే మంటలోంచి వచ్చేది మాత్రమే కాదు, వేడి పైకి లేస్తూ చుట్టూ ఉన్న చల్లగాలిని కలుపుకుంటూ పోతుంది, ఎంత ఎత్తు లేస్తే అంత గాలి కలుస్తుంది, కాబట్టి పైకి చేరే పొగలో చాలావరకు మామూలు గాలే ఉంటుంది. మన ఫ్యాన్ దాన్నంతటినీ లాగాలి. గది ఎంత పెద్దదో కాదు, ఈ పొగ స్తంభంలో ఎంత గాలి కలుస్తుందో అదే ఫ్యాన్ సైజు.

మొదట రెండు విషయాలు తేల్చుకోండి. ఒకటి, పొగ ఎంత ఎత్తులో ఆగాలి. పై ఫ్లోర్ నడవా 8 మీటర్ల దగ్గరుంది, దాని మీద నిలబడ్డ మనిషి తలపైన పొగ ఉండాలంటే ఇంకో 2 మీటర్లు, మొత్తం 10. రెండోది మంట ఎంత పెద్దది. గ్రౌండు ఖాళీగా ఉంటే 2000 కిలోవాట్లు అనుకోవచ్చుగానీ సిరిమానోత్సవం టైముకి అక్కడ చీరల స్టాళ్ళు పెట్టేస్తారు, ఆ గుట్టలు అంటుకుంటే ఎలా అని 5000 తీసుకున్నాం. అందులో 70 శాతం వేడి పొగతోపాటు పైకెళ్తుంది, అంటే 3500 కిలోవాట్లు. దీన్ని Qc అంటారు.

పొగ నియంత్రణకి అమెరికా వాళ్ళ ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 92లో ఉన్న సూత్రాలివి:

```
zl = 0.166 × Qc^(2/5)
m  = 0.071 × Qc^(1/3) × z^(5/3) + 0.0018 × Qc
```

మొదటిది మంట ఎత్తు, మనకి 4.3 మీటర్లొచ్చింది. పొగ ఆగే ఎత్తు z 10 మీటర్లు, మంట కంటే పైనుంది కాబట్టి రెండో సూత్రం పనికొస్తుంది, లేకపోతే వేరే సూత్రం వాడాలి. రెండోదాంట్లో వేస్తే సెకనుకి 56.3 కిలోల పొగ. ఇప్పుడు దాని వేడి చూడాలి: 3500ని 56.3తో భాగిస్తే 62 డిగ్రీలు, బయట 35 అనుకుంటే పొగ 97 డిగ్రీలు. ఆ వేడిలో క్యూబిక్ మీటరు బరువు 0.954 కిలోలే, కాబట్టి 56.3ని దాంతో భాగిస్తే సెకనుకి 59 క్యూబిక్ మీటర్లు, మన ఫ్యాన్లోళ్ళ భాషలో లక్షా పాతికవేల సీఎఫ్ఎం.

ఇక్కడొకటి గమనించండి, మంటని 2000 నుంచి 5000కి పెంచితే, అంటే రెండున్నర రెట్లు చేస్తే, ఫ్యాన్ 38 నుంచి 59కే పెరిగింది, అదే ఎత్తుని 10 నుంచి 12 మీటర్లు చేస్తే 59 కాస్తా 75 అవుద్ది. మధ్యలో ఆర్కిటెక్టు ఇంకో నడవా పైన పెట్టాడంటే లెక్క మొత్తం మళ్ళీ చెయ్యాలి.

ఇది స్టాల్ అంటుకుంటే వచ్చే లెక్క. షాపు లోపల అంటుకుని పొగ బాల్కనీ కిందనుంచి ఏట్రియంలోకి పొర్లితే గాలి ఇంకా ఎక్కువ కలుస్తుంది, ఆ సూత్రంలో వెయ్యి కిలోవాట్ల చిన్న మంటకే 77 కిలోలు దాటింది. అందుకే షాపుల ముందు పొగని ఆపే కర్టెన్లు పెట్టించి, షాపు పొగని షాపులోనే లాగేలా చేయించాం.

గాజు కప్పు మీద ఫ్యాన్ కూర్చోదు కాబట్టి పక్క గోడల్లో పెట్టాం, పొగ ఆగే ఎత్తుకి 4 మీటర్ల పైన. ఫ్యాన్ మరీ బలంగా లాగితే పొగ పొరకి కన్నం పడి కింద మంచి గాలినే లాగేస్తుంది, తొట్టిలో నీళ్ళు తగ్గాక కన్నం దగ్గర సుడి తిరిగి గాలి పోయినట్టు. గోడ పక్కన ఉన్న ఒక్కో నోటికి మనకి 21 క్యూబిక్ మీటర్ల వరకే పనికొస్తుందని తేలింది, కాబట్టి 15 చొప్పున 4 ఫ్యాన్లు, ఒకదానికొకటి మూడున్నర మీటర్లకి తక్కువ కాకుండా. 250 డిగ్రీల్లో 2 గంటలు తిరిగేవే కొనండి.

ఇప్పుడు అసలు తప్పు జరిగే చోటు: లోపలికి గాలి. నాలుగు ఫ్యాన్లూ కలిపి 60 క్యూబిక్ మీటర్లు, అంటే సెకనుకి 57 కిలోలు బయటికి పంపుతున్నామంటే అంత బరువు గాలి కిందనుంచి రావాలి, 35 డిగ్రీల్లో అది దగ్గరదగ్గర 50 క్యూబిక్ మీటర్లు. సందుల్లోంచి ఓ 5 శాతం వస్తుందనుకున్నా 47 మిగిలింది. ఆ గాలి మంటని తాకే చోట సెకనుకి 1.02 మీటర్ల కంటే వేగంగా ఉండకూడదు, కాబట్టి సుమారు 47 చదరపు మీటర్ల ఖాళీ తోవ కావాలి. మెయిన్ గేటు మొత్తం తెరిచినా 6 ఇంటూ రెండున్నర, 15 చదరపు మీటర్లే! దానొక్కదాంతో వదిలేస్తే వేగం 3 మీటర్లు దాటుతుంది.

అలా వదిలేసిన ఒక బిల్డింగులో పొగ మిషన్‌తో టెస్టు చూశాను. ఫ్యాన్లు తిరిగిన నిమిషంలో నిటారుగా లేస్తున్న తెల్లపొగ గాలివానకి కొబ్బరిచెట్టు వంగినట్టు ఒక పక్కకి వంగిపోయి, మొదటి ఫ్లోర్ రెయిలింగ్ దాటి షాపుల్లోకి జొరబడింది. "ఏటి సార్, ఫ్యాన్లు తిరుగుతున్నాయి కదా, పొగ ఇటొస్తాదేటి?" అన్నాడు సూపర్‌వైజర్. ఫ్యాన్లు బాగానే ఉన్నాయి, గాలి ఒకే గుమ్మంలోంచి దూసుకురావడమే తప్పు. వంగిన స్తంభం ఇంకా ఎక్కువ గాలి కలుపుకుంటుంది, అప్పుడు మనం కట్టిన 59 కూడా చాలదు.

మన కాంప్లెక్సులో ఇలా సర్దాం: మెయిన్ గేటు 15, వెనక సరుకు దించే షట్టర్ 4 ఇంటూ 3 అంటే 12, రెండు పక్కల కింది గోడల్లో 10 మీటర్లు పొడవు 2 మీటర్లు ఎత్తు లూవర్లు. లూవర్ 20 చదరపు మీటర్లున్నా రెక్కల మధ్య ఖాళీ సగమే, అందుకని ఒక్కోటి 10గా లెక్కేశాం, మొత్తం 47. ఇవన్నీ పొగ పొరకి చాలా కిందున్నాయి, అది ముఖ్యం, పొగలోకి గాలి కొడితే కలియబెట్టి కిందికి దింపేస్తుంది. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు లూవర్లకి టార్పాలిన్ కట్టి తర్వాత విప్పడం మర్చిపోతారు, దాన్ని నెలవారీ తనిఖీలో రాయించండి.

ప్యానెల్ ప్రోగ్రాంలో వరస కూడా చూసుకోవాలి, ముందు గేటు, షట్టర్, లూవర్లు తెరుచుకోవాలి, తర్వాతే ఫ్యాన్లు. రాత్రి షట్టర్ దించి ఉంటుంది కాబట్టి దాని మోటారుకి ఎమర్జెన్సీ కరెంటు తప్పనిసరి. తలుపులు మూసుండగా ఫ్యాన్లు తిరిగితే లోపల పీడనం పడిపోతుంది, 100 పాస్కల్స్ తేడా వస్తే మీటరు వెడల్పు తలుపుని బయటికి తోయడానికి 110 న్యూటన్ల పైన కావాలి, పైన క్లోజర్ స్ప్రింగ్ వేరే. పరిమితి 133 న్యూటన్లు, స్ప్రింగ్‌తో కలిపి అది దాటిపోయిందంటే వయసుమళ్ళినవాళ్ళు ఆ తలుపు తోయలేరు.

టెస్టు రోజు ఇంకో సంగతి. ఫ్యాన్ వేడిలోనైనా చల్లటప్పుడైనా అంతే వాల్యూమ్ లాగుతుంది, కాబట్టి మంట లేకుండా చేసే టెస్టులో బయటనుంచి 50 కాదు, పూర్తిగా 60 క్యూబిక్ మీటర్లు వస్తుంది, గుమ్మాల దగ్గర ఎనిమోమీటర్ 1.2 దాకా చూపిస్తే కంగారు పడొద్దు, 1.5 చూపిస్తే మాత్రం ఏదో లూవర్ తెరుచుకోలేదు, వెళ్ళి చూడండి. చల్లగాలి బరువెక్కువ, మోటారు మీద భారం కూడా ఈ టెస్టులోనే ఎక్కువ, కాబట్టి మోటారు సైజు చల్లటి గాలికి చూసుకోండి.

చివరగా డిటెక్టర్లు. మన ఎండాకాలంలో గాజు కప్పు కింద 50 డిగ్రీలు, కింద ఏసీలో 26. 100 కిలోవాట్ల చిన్న మంట పొగ ఆ వేడిలోకి దూరలేక 14 మీటర్ల లోపే ఆగిపోతుందని లెక్కలో తేలింది. కప్పుకి మాత్రమే డిటెక్టర్ పెడితే దానికి పొగ అందదు, ఫ్యాన్ స్టార్టవదు. అందుకే 7 మీటర్ల దగ్గరొకటి, 12 దగ్గరొకటి బీమ్ డిటెక్టర్లు అడ్డంగా పెట్టించాం.