వందల లైట్ల సీన్, 5వ పాఠం: క్లస్టర్లు కట్టాక ఫార్వర్డా, డిఫర్డా?

పోయిన పాఠంలో 300 పాయింట్ లైట్లను ఒకే బఫర్‌లో పెట్టి, ప్రతి పిక్సెల్ దగ్గరా అన్నిటినీ లెక్కేయించాం. బొమ్మ సరిగ్గానే వచ్చింది కానీ ఫ్రేమ్ మాత్రం కదల్లేదు. ఈసారీ సీన్ అదే: రాత్రిపూట వీధి, రెండు పక్కలా కొట్లు, కొట్ల ముందు బల్బులు, మధ్యలో హెడ్‌లైట్లతో తిరిగే బండ్లు, వీధి పొడవునా చెట్లు. లైట్లు కదులుతాయి కాబట్టి ముందే బేక్ చేసి పెట్టుకునే వీలు లేదు.

ముందు క్లస్టర్లు కడదాం. 1920×1080 స్క్రీన్‌ని అడ్డంగా 16, నిలువుగా 9 గళ్ళు చేస్తే ఒక్కో గడి 120 పిక్సెళ్ల చదరం అవుతుంది. ప్రతి గడినీ లోతువైపు 24 పొరలుగా కోస్తే మొత్తం 3456 పెట్టెలు. ఏ లైటు గోళం ఏ పెట్టెను తాకుతుందో ప్రతి ఫ్రేమ్‌లోనూ కంప్యూట్ షేడర్ లెక్కేసి, పెట్టెకో జాబితా రాసి పెడుతుంది. పిక్సెల్ తన పెట్టె జాబితాలో ఉన్న లైట్లనే చూస్తుంది. మన వీధిలో అది సగటున పది లైట్లు అనుకుందాం.

లోతును ఎందుకు కోయాలి, స్క్రీన్ మీద గళ్ళు చాలవా అని అడగొచ్చు. ఒక గడిలో 3 మీటర్ల దూరంలో కరెంటు స్తంభం, దాని వెనక 80 మీటర్ల దూరంలో గోడ ఉన్నాయనుకోండి. పొరలు లేకపోతే ఆ రెండింటి మధ్య గాల్లో వెలుగుతున్న ప్రతి బల్బూ ఆ గడి జాబితాలోకి వచ్చేస్తుంది. స్తంభానికీ గోడకీ దానితో పనిలేకపోయినా రెండూ దాన్ని లెక్కేస్తాయి. పొరలు ఉంటే స్తంభం జాబితా వేరు, గోడ జాబితా వేరు.

పొరలు సమాన మందంతో ఉండకూడదు, దూరం పెరిగేకొద్దీ మందం పెరగాలి:

```
int slice = int(log(viewZ / zNear) * 24.0 / log(zFar / zNear));
slice = clamp(slice, 0, 23);
```

ఇక్కడ చాలామంది కెమెరా `zNear` విలువనే వాడేస్తారు. నేనూ మొదట అలాగే చేశాను. కెమెరా 0.1 నుంచి 200 మీటర్ల వరకు చూస్తుంటే 24 పొరల్లో ఏడు మొదటి మీటరులోపే ఖర్చయిపోతాయి. అక్కడ సాధారణంగా ఏమీ ఉండదు. అందుకని క్లస్టర్ల కోసం `zNear`ని విడిగా 1.0 పెట్టండి. అప్పుడు పది మీటర్ల దగ్గర పొర మందం రెండుంబావు మీటర్లు వస్తుంది, అది వీధికి సరిపోతుంది. అయితే లైట్లు పంచేటప్పుడు మొదటి పొర కెమెరా దగ్గర్నుంచే మొదలయ్యేలా చూడండి. మర్చిపోతే గోడకి బాగా దగ్గరగా వెళ్లినప్పుడు దాని మీద వెలుతురు ఠక్కున మాయమవుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న: వస్తువుని గీసేటప్పుడే లైట్లు లెక్కేసే ఫార్వర్డా, ముందు ఉపరితలాల వివరాలు జీ-బఫర్‌లో రాసుకుని లైట్లు తర్వాత లెక్కేసే డిఫర్డా? క్లస్టర్ల పద్ధతిని 2012లో ఓలా ఓల్సన్, మార్కుస్ బిల్లెటర్, ఉల్ఫ్ అసార్సన్ ప్రచురించారు. వాళ్ల పేపర్ పేరులోనే డిఫర్డ్, ఫార్వర్డ్ అన్న రెండు మాటలూ ఉన్నాయి. ఎందుకంటే లైట్ల జాబితాకి ఎవరు చదువుతున్నారన్నదానితో పనిలేదు. డిఫర్డ్ అంటేనే ఎక్కువ లైట్లు అన్న పాత లెక్క ఇక్కడ చెల్లదు. రెండు దారుల్లోనూ పిక్సెల్‌కి అవే పది లైట్లు. తేడా ఆ లూప్ ఎక్కడ నడుస్తుందన్న దగ్గర వస్తుంది.

డిఫర్డ్ ఖర్చు మెమరీలో ఉంటుంది. మన జీ-బఫర్‌లో నాలుగు `RGBA8` టార్గెట్లు, డెప్త్ ఒకటి: పిక్సెల్‌కి 20 బైట్లు. క్లస్టర్లు లేని పాత పద్ధతిలో ఒక్కో లైటుకీ జీ-బఫర్ మళ్లీ చదివి, `RGBA16F`లో బ్లెండ్ చేయాలి. అంటే లైటుకి 36 బైట్లు, పది లైట్లకి 360. కాష్, కంప్రెషన్ పక్కన పెడితే 60 ఫ్రేములకి సెకనుకు దాదాపు 45 గిగాబైట్ల రాకపోకలు. క్లస్టర్లు ఉంటే జీ-బఫర్ ఒకసారి రాసి, ఒకసారి చదివి, జవాబు ఒకసారి రాస్తాం. అది 48 బైట్లు, సెకనుకు ఆరు గిగాబైట్లు. డెస్క్‌టాప్ కార్డుకి ఇది పెద్ద బరువు కాదు. 4x ఎంఎస్ఏఏ పెట్టగానే జీ-బఫర్ ఒక్కటే 41 మెగాబైట్ల నుంచి 166కి పోతుంది. ఎంఎస్ఏఏ తప్పనిసరి అయిన వీఆర్ లాంటి చోట నేనైతే ఇంకో ఆలోచన లేకుండా ఫార్వర్డ్ వైపే వెళ్తాను.

ఫార్వర్డ్ ఖర్చు మాత్రం కంటికి కనపడదు. జీపీయూ పిక్సెళ్లని ఒక్కొక్కటిగా కాకుండా 2×2 గుంపుగా షేడ్ చేస్తుంది. ఒక ట్రయాంగిల్ ఒక్క పిక్సెల్‌నే కప్పినా షేడర్ నాలుగు చోట్ల నడుస్తుంది, మూడింటి ఫలితం పారేస్తుంది. మన చెట్టు దూరంగా ఉన్నప్పుడు ఆకు ట్రయాంగిల్ సరిగ్గా ఒక్క పిక్సెలంత అవుతుంది. ఫార్వర్డ్‌లో లైట్ల లూప్ ఆ షేడర్ లోపలే ఉంది కాబట్టి పది లైట్ల ఫలితం కోసం నలభై లెక్కలు. డిఫర్డ్‌లోనూ ఆ వృథా ఉంటుంది, కానీ టెక్స్‌చర్ చదివి జీ-బఫర్ రాసే తేలిక షేడర్‌కే పరిమితం. బరువైన లూప్ తర్వాత స్క్రీన్ అంతటా పిక్సెల్‌కి ఒక్కసారే నడుస్తుంది.

డెప్త్ ప్రీపాస్ పెడితే ఇది పోతుందనుకుంటారు. పోదు. వెనక దాగిన పిక్సెళ్ల షేడింగ్ తగ్గుతుంది కానీ కనిపించే ఆకు అంచుల దగ్గర 2×2 వృథా అలాగే ఉంటుంది. అయినా ఫార్వర్డ్‌లో ప్రీపాస్ పెట్టాల్సిందే. ఆకుల `discard` అంతా అందులోనే ముగించి, మెయిన్ పాస్‌లో డెప్త్ టెస్ట్ `EQUAL` పెట్టండి. ఆకుల మీద నల్లచుక్కలు మిలమిలలాడితే, రెండు పాసుల్లో వెర్టెక్స్ లెక్క చివరి బిట్ దాకా ఒకటి కాలేదని అర్థం. రెండు షేడర్లలోనూ `invariant gl_Position;` రాస్తే సర్దుకుంటుంది.

మీ సీన్‌లో ఏది బరువో ఊహించొద్దు. `RenderDoc`లో టెక్స్‌చర్ వ్యూయర్ ఓవర్‌లేల కింద `Quad Overdraw` ఉంటుంది. చెట్లు మాత్రమే మండిపోతూ రోడ్డు చల్లగా ఉంటే ముందు దూరపు చెట్లకి తక్కువ ట్రయాంగిళ్ల ఎల్‌ఓడీ పెట్టి చూడండి. అంతకీ తగ్గకపోతే అప్పుడు డిఫర్డ్.

ఎంత డిఫర్డ్ పెట్టుకున్నా కొట్ల అద్దాలూ, టీ కొట్టు పొగా జీ-బఫర్‌లో ఇమడవు. పిక్సెల్‌కి అందులో ఒక్క ఉపరితలానికే చోటుంది. వాటిని ఫార్వర్డ్‌లోనే గీయాలి. మన పెట్టెలు డెప్త్ బఫర్ చూడకుండానే కట్టాం కాబట్టి 10 మీటర్ల దగ్గరున్న అద్దం అదే జాబితా చదువుకుంటుంది, కొత్తగా ఏమీ కట్టనక్కర్లేదు. ఈ వీధికి నేను ఎంచుకున్నది ఇదే: గట్టి వస్తువులకి డిఫర్డ్, అద్దాలకీ పొగకీ ఫార్వర్డ్, రెండింటికీ ఒకే క్లస్టర్ జాబితా. చెట్లు లేని గోడౌన్ సీన్ అయ్యుంటే మొత్తం ఫార్వర్డ్‌లోనే పెట్టేవాణ్ణి. 2016 నాటి `DOOM` కూడా క్లస్టర్డ్ ఫార్వర్డే, ప్రతిఫలనాల కోసం పక్కన ఒక సన్న జీ-బఫర్ మాత్రం రాసుకుంటుంది.

అభ్యాసం: పెట్టెలో లైట్ల సంఖ్యను రంగుగా చూపించే డీబగ్ మోడ్ రాయండి. సున్నాకి నలుపు, 20 దాటితే ఎరుపు. ఏ పెట్టెలు ఎర్రబడ్డాయో చూసి ఆ బల్బుల వ్యాసార్థం తగ్గించండి. వచ్చే పాఠంలో ఈ 300 లైట్లలో నీడలు పడేవాటిని చూద్దాం. ఒకే లూప్‌లో అన్నిటినీ చదవాలంటే షాడో మ్యాపులన్నీ ఒకేసారి మెమరీలో ఉండాలి, వాటిని ఒకే అట్లాస్‌లో ఎలా సర్దాలో అక్కడ చేద్దాం.