చమోమైల్ టీ, వలేరియన్: నిద్ర రాకపోయినా, పొద్దున మత్తు వదలకపోయినా, దురద పుట్టినా ఏం చూసుకోవాలి

మందుల షాపు కౌంటర్ వెనక నిలబడే మాకు ఈమధ్య తరచూ ఎదురయ్యే మాట, "ఇది మూలికే కదా, పర్లేదు కదా" అని. నిద్ర తెప్పించే శక్తి ఉన్నదేదైనా వేరే మందు మీద ప్రభావం చూపించగలదు. ఏ ఇబ్బందికి ఎక్కడ వెతకాలో కింద రాస్తున్నాను.

సమస్య: రోజూ చమోమైల్ టీ తాగుతున్నా నిద్ర పట్టడం లేదు

ముందు డబ్బా వెనక్కి తిప్పి చూడండి. మన దగ్గర దొరికే చాలా ప్యాకెట్ల మీద చమోమైల్ పేరు పెద్దగా ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో గ్రీన్ టీ ఆకులు అని ఉంటుంది. గ్రీన్ టీలో కెఫీన్ ఉంటుంది. రాత్రి పదింటికి అది తాగి నిద్ర రావట్లేదంటే తప్పు చమోమైల్‌ది కాదు. పదార్థాల జాబితాలో చమోమైల్ పూలు మాత్రమే ఉన్నది కొనండి.

తర్వాత తయారీ. రెండు గ్రాముల ఎండు పూలు, అంటే సుమారు రెండు చెంచాలు, ఒక కప్పు మరిగిన నీళ్లలో వేసి, మూత పెట్టి, ఐదు నుంచి పది నిమిషాలు వదలాలి. మూత లేకపోతే సువాసన నూనె ఆవిరైపోతుంది. పడుకునే ముందు పెద్ద గ్లాసు నిండా తాగితే రెండింటికి బాత్రూమ్‌కి లేవాల్సి వస్తుంది, అందుకని గంట, గంటన్నర ముందే ఒక చిన్న కప్పు చాలు.

ఇవన్నీ సరిగా చేసినా పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. టెన్షన్ కాస్త తగ్గి ఒళ్లు సడలినట్టు అనిపించొచ్చు గానీ, దీర్ఘకాలిక నిద్రలేమికి ఇది పనిచేస్తుందని గట్టి ఆధారం లేదు. నిద్ర కోసం క్యాప్సూళ్లలో అమ్మే వలేరియన్ అనే మూలిక సంగతీ అంతే. అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దాన్ని నిద్రలేమికి వాడవద్దనే సూచించింది. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలుగా నిద్ర పట్టకపోతే డాక్టర్ని కలవాలి. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతున్నట్టు ఇంట్లోవాళ్లు చెబితే, మత్తు కలిగించేది ఏదీ సొంతంగా వేసుకోవద్దు.

సమస్య: పొద్దున లేచాక తల బరువు, మత్తు

ఇది చమోమైల్ టీ కంటే వలేరియన్ క్యాప్సూల్‌తో ఎక్కువ. డబ్బా మూత తీయగానే ఉతకని సాక్సుల వాసన కొట్టేది ఇదే. ఆయుర్వేద మందుల్లో వచ్చే తగర కూడా ఈ జాతి మొక్కే, కాబట్టి నిద్ర కోసం ఇచ్చే లేహ్యమో, మాత్రో వేరే ఉంటే అందులో అదే ఉందేమో చూడండి. తెలియకుండా రెట్టింపు డోసు పడుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నలభై దాటిన ఒక టీచరు. రాత్రి పదకొండున్నరకి 600 మిల్లీగ్రాముల వలేరియన్, దానితో పాటే తుమ్ములకి లెవోసెట్రిజిన్ మాత్ర. పొద్దున ఆరింటికి లేవాలి, తొమ్మిదికి స్కూటీ మీద బడికి. ఎనిమిదిన్నర వరకు కళ్లు మూతలు పడుతూనే ఉంటాయి. ఆమె తప్పు పట్టేది వలేరియన్‌నే. కానీ లెవోసెట్రిజిన్ కూడా మత్తు తెచ్చే మాత్రే, రెండూ కలిసి మత్తు పెంచుతున్నాయి. పైగా వేసుకున్నది ఆలస్యంగా.

ఆమె చేయాల్సింది ఒక్కోసారి ఒక్క మార్పు. ముందు వలేరియన్ మానేసి మూడు నాలుగు రోజులు చూడాలి. మత్తు పోతే కారణం సగం తేలినట్టే. పోకపోతే తుమ్ముల మాత్ర సంగతి డాక్టర్‌తో మాట్లాడాలి. మత్తు తక్కువగా ఉండే ఫెక్సోఫెనడిన్ లాంటిది ఆయన రాయొచ్చు. వలేరియన్ మళ్లీ వాడాలనుకుంటే 300 మిల్లీగ్రాములతో, పడుకోవడానికి గంట ముందు. పొద్దున మత్తు ఉన్నన్నాళ్లు స్కూటీ తీయకూడదు. నెలల తరబడి ఎక్కువ డోసులో వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించుకోవాలి.

అల్ప్రజోలం, జోల్పిడెమ్ లాంటి నిద్రమాత్రలు, మద్యం ఉన్న రాత్రి వలేరియన్ జోలికి వెళ్లొద్దు. "మాత్ర మానేసి మూలికకి మారదాం" అని అల్ప్రజోలం సొంతంగా ఆపేయడం ఇంకా ప్రమాదం. చాలాకాలం వాడినవాళ్లకి ఫిట్స్ కూడా రావొచ్చు. ఆ తగ్గింపు డాక్టర్ చేతిలోనే జరగాలి.

సమస్య: టీ తాగాక దురద, తుమ్ములు, పెదవుల వాపు

ఇది మన ప్రాంతంలో ప్రత్యేకంగా చూడాల్సిన విషయం. చమోమైల్‌ది చామంతి కుటుంబం. బంతి, పొద్దుతిరుగుడు, దవనం, మాచిపత్రి, రోడ్డు పక్కన మోకాలెత్తు పెరిగే వయ్యారిభామ, అన్నీ ఇదే కుటుంబం. వీటిలో ఒకటి పడనివాళ్లకి ఇంకొకటి కూడా పడకపోవచ్చు.

కాబట్టి టీ కొనేముందే ఈ ప్రశ్నలు వేసుకోండి. చామంతి దండ గుచ్చితే వేళ్లు దురద పెడతాయా? వినాయక చవితి పత్రిలో మాచిపత్రి వాసన తగిలితే తుమ్ములు మొదలవుతాయా? పొలం గట్టు మీద వయ్యారిభామ పీకాక కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎర్రబడి పగుళ్లు వస్తున్నాయా? ఒక్కదానికి అవునన్నా చమోమైల్ వదిలేయడమే మంచిది. టీ ఒక్కటే చూస్తే చాలదు, పిల్లల క్రీముల్లో, ముఖానికి రాసేవాటిలో కూడా అది ఉంటుంది.

తాగిన నిమిషాల్లో నోట్లో దురద, పెదవులు ఉబ్బడం, గొంతు బిగుసుకోవడం, ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయాలి. "కొంచెం తాగి చూద్దాం" అని మళ్లీ పరీక్ష పెట్టుకోవద్దు. చర్మం మీద మాత్రమే ఒకటి రెండు రోజుల తర్వాత వచ్చే దద్దుర్లు వేరే రకం. వాటికి ఆపేసి చర్మ వైద్యుడికి చూపిస్తే ప్యాచ్ టెస్ట్‌తో కారణం తేలుతుంది. వలేరియన్ ఈ కుటుంబానికి చెందదు, కానీ కొన్ని క్యాప్సూళ్లలో దానితో చమోమైల్ కూడా కలిపి అమ్ముతారు, కాబట్టి లేబుల్ చదవక తప్పదు.

సమస్య: రక్తం పలచబరిచే మందు వాడుతుంటే చిగుళ్లలో రక్తం, కమిలిన మచ్చలు

గుండె కవాటం మార్చినవాళ్లు, గుండె లయ తప్పినవాళ్లు వార్ఫరిన్ గానీ అసెనోకౌమరాల్ గానీ వాడుతుంటారు. కెనడాలో వార్ఫరిన్ మీద ఉన్న ఒక 70 ఏళ్ల ఆవిడ చమోమైల్ టీ, చమోమైల్ లోషన్ వాడాక లోపల రక్తస్రావమై ఆసుపత్రిలో చేరిన కేసు 2006లో ప్రచురితమైంది. అది ఒక్క కేసే, కానీ ఇలాంటి మందులో చిన్న తేడాకి కూడా మూల్యం ఎక్కువ.

ఇలాంటి మచ్చలు కనిపిస్తే టీ ఆపేసి, అదే రోజు డాక్టర్‌కి చెప్పి, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకోండి. మాత్రని మాత్రం సొంతంగా ఆపొద్దు, కవాటం మీద గడ్డ కట్టే ప్రమాదం ఉంది. మలం నల్లగా వచ్చినా, మూత్రంలో రక్తం కనిపించినా, తలకి దెబ్బ తగిలినా, తీవ్రమైన తలనొప్పి వచ్చినా నేరుగా ఎమర్జెన్సీకే.

కిడ్నీ మార్పిడి తర్వాత సైక్లోస్పోరిన్ వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా చమోమైల్ గానీ వలేరియన్ గానీ మొదలుపెట్టొద్దు. ఆపరేషన్ ఉన్నవాళ్లు వలేరియన్ సంగతి మత్తుమందు ఇచ్చే డాక్టర్‌కి ముందుగానే చెప్పాలి. నిద్ర కోసమని అశ్వగంధ వాడేవాళ్లలో థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లకి హార్మోన్ పెరిగి గుండెదడ రావొచ్చు. అలా అనిపిస్తే అశ్వగంధ ఆపి థైరాయిడ్ రక్తపరీక్ష అయిన టీఎస్‌హెచ్ చేయించుకోవాలి, మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా లివర్ పరీక్ష కూడా.