ఆప్షన్స్ ట్రేడ్ డైరీ ఎలా రాయాలి?

ఆప్షన్స్ డైరీ రాస్తున్నామని చెప్పేవాళ్ల పుస్తకాలు తెరిస్తే చాలాసార్లు కనిపించేవి నాలుగే: తేదీ, కొన్న ధర, అమ్మిన ధర, లాభనష్టం. అవన్నీ బ్రోకర్ పంపే కాంట్రాక్ట్ నోట్లలో, లాభనష్టాల నివేదికలో ఎలాగూ ఉంటాయి. వాటిలో లేనివి రాసుకోవడానికే డైరీ.

పొడవాటి రూళ్ల పుస్తకం ఒకటి తీసుకోండి. ట్రేడ్‌కి ఒక పేజీ. ఎక్సెల్ వద్దు. గడి చిన్నది కాబట్టి కారణాన్ని రెండు ముక్కల్లో తేల్చేస్తాం, తర్వాత నచ్చకపోతే మార్చేస్తాం. సిరాతో రాసింది అలా మారదు. లాభనష్టాలు రూపాయల్లో కాదు, పాయింట్లలో రాయండి. 2024 చివర్లో నిఫ్టీ లాట్ సైజు 25 నుంచి 75కి మారినప్పుడు రూపాయల్లో రాసుకున్నవాళ్లకు పాత ట్రేడ్లతో పోల్చుకోవడం కష్టమైంది. బ్రోకరేజీ, ఎస్‌టీటీ లాంటి ఖర్చులు పేజీ అడుగున విడిగా వేయండి.

1. కొనే కారణం

ఆర్డర్ పెట్టకముందే రాయాలి. పెట్టాక రాస్తే అది కారణం కాదు, సమర్థన. "మార్కెట్ బాగుంది" అని రాస్తే నెలాఖరుకు దానితో ఏమీ తేలదు. ఏం జరుగుతుందనుకుంటున్నారు, ఎన్ని రోజుల్లో, ఏం జరిగితే మీ అంచనా తప్పినట్టు? ఈ మూడూ ఉండాలి.

2. గ్రీక్స్: ఇక్కడ తొందరపడకండి

ఎక్కువమంది చెడగొట్టేది ఈ దశే. కొన్న క్షణంలోనే బ్రోకర్ యాప్‌లోని ఆప్షన్ చైన్ చూసి నిఫ్టీ స్థాయి, ఐవీ, డెల్టా, థీటా, వేగా రాయండి. ఐవీ అంటే ఆప్షన్ ధరలో దాగిన ఊగిసలాట అంచనా. నిఫ్టీ ఒక పాయింటు కదిలితే, ఒక రోజు గడిస్తే, ఐవీ ఒక శాతం మారితే ఆప్షన్ ధర ఎంత మారుతుందో వరుసగా డెల్టా, థీటా, వేగా చెబుతాయి. సాయంత్రం చూసి రాద్దామనుకుంటే అప్పటికి అన్నీ మారిపోయి ఉంటాయి. అమ్మేటప్పుడు నిఫ్టీ స్థాయి, ఐవీ మళ్లీ రాయండి.

ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం. ఆర్‌బీఐ వడ్డీ రేట్ల ప్రకటనకు ముందు రోజు నిఫ్టీ 24,500 దగ్గర ఉంది, ఎక్స్‌పైరీకి ఏడు రోజులుంది అనుకోండి. పెరుగుతుందని 24,500 కాల్‌ను 246కి కొన్నారు. ఐవీ 17 శాతం, డెల్టా 0.53, థీటా రోజుకు మైనస్ 18, వేగా 13.5. మర్నాడు ప్రకటన వచ్చింది, నిఫ్టీ 60 పాయింట్లు పెరిగింది. అయినా కాల్ 207కి పడింది. అంచనా నిజమైంది, డబ్బు మాత్రం పోయింది. "ఆపరేటర్లు ఆడుకున్నారు" అని రాసి పేజీ తిప్పేసేది ఇలాంటి చోటే.

లెక్క వేయండి. 60 పాయింట్లను డెల్టా 0.53తో గుణిస్తే 32 వచ్చాయి. ఒక రోజు గడిచినందుకు థీటా 18 తీసుకుంది. ప్రకటన అయిపోగానే ఐవీ 17 నుంచి 13కి దిగింది. ఆ నాలుగు శాతాన్ని వేగాతో గుణిస్తే 54 పోయాయి. మొత్తం మైనస్ 40. నిజంగా పోయింది 39. అంటే దిశలో తప్పు లేదు, ఖరీదైన ఐవీ దగ్గర కొనడమే తప్పు. ఈ అంకెలు లేకపోతే అది ఎప్పటికీ తెలియదు.

మీ లెక్కకూ నిజంగా వచ్చిన లాభనష్టానికీ మధ్య తేడా ఐదారు పాయింట్లు దాటితే రెండు కారణాలు చూడండి. అంకెలు ఆలస్యంగా రాసి ఉంటారు, లేదా నిఫ్టీ చాలా దూరం కదిలి ఉంటుంది. కదలిక రెండు వందల పాయింట్లు దాటినా, ఎక్స్‌పైరీ రోజైనా గామా వల్ల డెల్టాయే మారిపోతుంది. అప్పుడు ఈ సులువు లెక్క పనికిరాదు. ఆ పేజీ మీద "గామా" అని రాసి వదిలేయండి, అంకెల్ని బలవంతంగా సరిపెట్టకండి.

3. బయటికొచ్చిన కారణం

అమ్మిన ఐదు నిమిషాల్లోపే రాయండి. టార్గెట్, స్టాప్‌లాస్, గడువు, కారణం చెడిపోవడం, భయం. ఈ ఐదింటిలో ఒకటే రాయాలి. టెన్షన్ తట్టుకోలేక అమ్మితే "భయం" అనే రాయండి, "ప్రాఫిట్ బుకింగ్" అని కాదు.

4. నెలాఖరు సమీక్ష

నెలవారీ ఎక్స్‌పైరీ తర్వాత వచ్చే ఆదివారం కూర్చోండి, మార్కెట్ నడుస్తుండగా వద్దు. లాభమొచ్చిన పేజీలతో మొదలుపెట్టండి. స్టాప్‌లాస్ తీసేసి, అదృష్టం కొద్దీ గెలిచిన ట్రేడ్ కూడా తప్పు కిందే లెక్క. ప్రణాళిక ప్రకారం చేసి ఓడిపోయింది తప్పు కాదు.

ప్రతి తప్పుకూ పేరు పెట్టి, ఒక్కో పేరు కింద ఎన్ని పాయింట్లు పోయాయో కూడండి. పై ట్రేడ్ "ఈవెంట్ ముందు కొనుగోలు" కిందికి వస్తుంది. ఆ పేరుతో నెలలో నాలుగు పేజీలు తేలి, అన్నిటికంటే ఎక్కువ పాయింట్లు అక్కడే పోతే వచ్చే నెలకు ఒక్క నియమమే రాయండి: ప్రకటన ముందు రోజు విడిగా కాల్ గానీ పుట్ గానీ కొనను. మిగతా తప్పుల జోలికి ఆ నెల వెళ్లకండి. నాలుగైదు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో వచ్చే సమీక్షలో తేలదు. ఆ నియమాన్ని కొత్త నెల మొదటి పేజీ పైన రాసి, దాని పక్కన పోయిన పాయింట్ల మొత్తం వేయండి.