బ్యాగు నిండా తిండి, అయినా నడవడానికి శక్తి లేదు: ట్రెక్ తిండి సమస్యలు, పరిష్కారాలు

సమస్య: భుజాలు నొప్పి పుట్టేంత బరువు మోస్తున్నారు, అయినా రెండో రోజు మధ్యాహ్నానికే కాళ్లు లాగుతున్నాయి

బ్యాగులో ఏముందో ఒకసారి బయటపెట్టి చూడండి. హైదరాబాద్ నుంచి బయల్దేరే చాలామంది ఒక రోజుకి సర్దుకునేది ఇంచుమించు ఇలా ఉంటుంది: 400 గ్రాముల బ్రెడ్ ప్యాకెట్, ఆరు అరటిపళ్లు, మూడు ఉడికించిన గుడ్లు, వేడి చేసుకుని తినే పప్పు, కూర ప్యాకెట్లు రెండు. తూకం వేస్తే 1,850 గ్రాములు, అందులో శక్తి సుమారు 2,400 కేలరీలు. మూడు రోజులకి లెక్కేస్తే అయిదున్నర కిలోలు. అంత మోయలేక సగం ఇంట్లో వదిలేస్తారు, దాంతో శక్తి కూడా సగమైపోతుంది.

కారణం నీళ్లు. అరటిపండు గుజ్జులోనూ గుడ్డులోనూ ముప్పాతిక వంతు నీళ్లే, ఆ కూర ప్యాకెట్లలోనూ చాలావరకు అంతే. ఆ నీళ్లని కొండ ఎక్కించి మరీ తాగుతున్నామన్నమాట.

పరిష్కారం కొనేటప్పుడే మొదలవుతుంది. ప్యాకెట్ వెనక 100 గ్రాములకి ఎన్ని కేలరీలో రాసి ఉంటుంది. 400 దాటితే బ్యాగులోకి, 300 లోపైతే అల్మారాలోకి. పక్కనే 'ఒక సర్వింగ్‌కి' అని ఇంకో అంకె ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. పిండిపదార్థాలు, ప్రోటీన్లు గ్రాముకి నాలుగు కేలరీలిస్తే కొవ్వు తొమ్మిదిస్తుంది. అందుకే పల్లీలు, నువ్వులు, ఎండు కొబ్బరి, నెయ్యి ఈ లెక్కలో ఎప్పుడూ పైనే ఉంటాయి. ఇవన్నీ బేగంబజార్‌లో ఒక్క చక్కర్‌లో దొరుకుతాయి. పెద్ద షోరూముల్లో రంగురంగుల ఎనర్జీ బార్లు అమ్ముతారు గానీ, వాటిలో చాలావాటికంటే పల్లీ చిక్కీలోనే గ్రాముకి ఎక్కువ శక్తి ఉంటుంది, ధర కూడా తక్కువ.

ఇప్పుడు అదే ఒక రోజుని మళ్లీ సర్దుదాం. పొద్దున బొంబాయి రవ్వ 80 గ్రాములు, నెయ్యి 20 గ్రాములతో ఉప్మా. నడకలో పల్లీ చిక్కీ 100 గ్రాములు, కారం పల్లీలు 50. మధ్యాహ్నం సున్నుండలు 100 గ్రాములు. సాయంత్రం టీకి పాలపొడి 40. రాత్రికి అటుకులు 100, వేయించిన పల్లీలు 50. మొత్తం 540 గ్రాములు, సుమారు 2,500 కేలరీలు. మూడు రోజులకి 1,620 గ్రాములే. బ్యాగుతో రోజుకి ఆరేడు గంటలు నడిస్తే ఖర్చయ్యే శక్తి 3,000 కేలరీలు కూడా దాటొచ్చు. మూడు రోజులకి ఆ లోటు పర్వాలేదు. అంతకుమించిన ట్రెక్ అయితే రోజుకి ఇంకో గుప్పెడు పల్లీలు, రెండు చెంచాల నెయ్యి కలపండి.

సమస్య: తిండి ఉంది, నోట్లో పెట్టుకోబుద్ధి కావట్లేదు

తీపి ఎక్కువైంది. ఉత్తరాఖండ్ వైపు ఎత్తైన ట్రెక్‌లకి వెళ్తే ఆకలి ఎలాగూ తగ్గుతుంది, అక్కడ నాలుగో చిక్కీ చూస్తేనే వెగటు పుడుతుంది. తినే వాటిలో సగం కారంగా, ఉప్పగా ఉండేలా చూసుకోండి. చిన్న కవర్లో ఆవకాయ ముద్ద పెట్టుకుంటే నూనె వల్ల శక్తీ వస్తుంది, అటుకులూ గొంతు దిగుతాయి. ఇంకొకటి, నెయ్యి, పల్లీలు ఒకేసారి ఎక్కువ తిని ఎక్కడం మొదలెడితే కడుపులో తిప్పుతుంది. గంటకోసారి గుప్పెడు చాలు.

సమస్య: గ్యాస్ అయిపోయింది, పప్పు ఇంకా పలుకుగానే ఉంది

3,500 మీటర్ల ఎత్తులో నీళ్లు సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్ లేకుండా అక్కడ కందిపప్పు ఉడకాలంటే గంటలు పడుతుంది. వంట పని ఇంట్లోనే ముగించుకోవాలి. నెయ్యిలో తాలింపు పెట్టి, జీడిపప్పు వేసి, అదే బాండీలో రవ్వని కమ్మటి వాసన వచ్చేదాకా సన్నని సెగ మీద వేయించండి. కరివేపాకు చేతిలో నలిపితే పొడి అవ్వాలి, మెత్తగా ఉంటే తడి మిగిలిందని అర్థం. ఉప్పు కలిపి, పూర్తిగా చల్లారాక ఒక్కో పూటకి ఒక్కో జిప్ కవర్లో కట్టండి. అక్కడ రెండున్నర రెట్లు మరిగే నీళ్లు పోసి, మూతపెట్టి పది నిమిషాలు ఆగితే చాలు. నెయ్యి రవ్వలోనే ఉంటుంది కాబట్టి సీసా కారుతుందనే టెన్షన్ ఉండదు, చలికి గడ్డకట్టి బయటికి రాదన్న గొడవా ఉండదు.

బయల్దేరే ముందు ఒక కవరు ఇంట్లోనే నీళ్లు పోసి చూడండి, ఉప్పు సరిపోయిందో లేదో అక్కడే తేలిపోతుంది.

సమస్య: అన్నీ పొడివే తెచ్చారు, క్యాంప్ దగ్గర నీళ్లు లేవు

ఎండాకాలంలో నల్లమల లాంటి అడవుల్లో ఇది మామూలే. రవ్వకి పోసే నీళ్లు కూడా మోయాల్సి వస్తే తగ్గిన బరువులో కొంత తిరిగి వస్తుంది. దారిలో వాగు పారుతోందో లేదో ముందే గైడ్‌ని అడగండి. లేదంటే ఆ రాత్రి వరకు ఉప్మా మానేసి చపాతీలు, సున్నుండలు పెట్టుకోండి. పల్లీలు తిన్నాక దాహం ఎక్కువవుతుంది, దానికి ఇంకో అర లీటరు లెక్కలో వేసుకోండి.