బరువులెత్తితే నడుము పడుతుందా? నా అనుభవం

కర్నూలులో మా వీధి జిమ్‌లో పొద్దున పదకొండుకు లేడీస్ బ్యాచ్. నలభై ఎనిమిదేళ్లకు చేరాను. ట్రెడ్‌మిల్ వరకు సరే, నేల మీది బరువుల రాడ్డును వంగి లేపే డెడ్‌లిఫ్ట్ అనేసరికి టెన్షన్. ఖాళీ రాడ్డే 20 కిలోలు. నిండు గ్యాస్ సిలిండర్ జరిపితేనే నడుము పట్టేసే నాకు ఇదెందుకు అనిపించింది.

ట్రైనరమ్మాయి రాడ్డుకు ముందు ఒక కర్ర ఇచ్చింది. దాన్ని వీపు మీద నిలువుగా, తల వెనక, భుజాల మధ్య, నడుము కింద ఎముకకు తగిలేలా పట్టుకోవాలి. మోకాళ్లు కొంచెం వంచి, పిరుదులు వెనక్కి నెడుతూ వంగాలి. “కర్ర ఎక్కడ ఊడితే అక్కడ ఆగండక్కా, ప్రస్తుతానికి మీ లిమిట్ అదే” అంది. నాకు చేతులు మోకాళ్ల ఎత్తుకు వచ్చేంత వంగేసరికే ఊడింది. అక్కడి నుంచి కిందికి వంగేది తుంటి కాదు, నడుము.

అందుకే రాడ్డును నేల మీద కాకుండా, రెండు వైపులా ప్లేట్లు పేర్చి మోకాలి ఎత్తున పెట్టింది. కాళ్లకు ఆనించుకునే లేపాలి. దూరం జరిగితే భారమంతా నడుము మీదే. మర్నాడు తొడల వెనక పట్టేసింది, అది మామూలే. నడుములో పోటొచ్చినా, నొప్పి కాలికి దిగినా ఆపేయమంది. అలాంటిదేమీ రాలేదు కాబట్టి ఒక్కో ప్లేటు తీస్తూ ఎత్తు తగ్గించాం. ఇప్పుడు పిక్కల ఎత్తు నుంచి 30 కిలోలు లేపుతున్నా. నేల మీది నుంచి ఇంకా మొదలుపెట్టలేదు, తొందరేమీ లేదు.