దుకాణం మూసే వేళ – మూడో పాఠం: షట్టర్ కింద సందు

మొదటి రెండు పాఠాల్లో తూకం బల్లను తుడవడం, బస్తాలను గోడకు మూరెడు దూరంలో చెక్క పలకల మీద పేర్చడం చూశాం. ఆ రెండూ సరిగానే చేస్తున్నారు. అయినా పోయిన నెలలో పెసల బస్తా మూల కొరికి ఉంది. ఆ ఎలుక ఎటు నుంచి వచ్చిందో ఎలా పట్టుకున్నామో ఈ పాఠంలో చెబుతాను. ఇకపై రాత్రి షట్టర్ దించేవారు ఇదే పద్ధతి పాటించాలి.

ముందు పెంటికలు చూశాం. బియ్యపు గింజంత ఉన్నాయి, కొసలు సన్నగా ఉన్నాయి. అంటే వచ్చింది చిట్టెలుక. పెద్ద ఎలుకవైతే శనగ గింజ కంటే పొడవుగా ఉంటాయి. చిట్టెలుకకు పెన్సిలు దూరేంత సందు చాలు. అందుకే రోజూ షట్టర్ దించాక బయటి నుంచి అడుగున పెన్సిలు జరుపుతూ రండి. ఎక్కడ లోపలికి దూరితే అక్కడ సుద్దముక్కతో గీత పెట్టి, నాకు చెప్పండి.

మాకు అనుమానం మూడు చోట్ల కలిగింది: షట్టర్, నీళ్లు పోయే తూము, నూనె డబ్బాల వెనుక గోడ. మూడు చోట్లా రాత్రి ముగ్గుపిండి పలుచగా చల్లాం. రాతిపిండి మాత్రమే వాడాలి, బియ్యప్పిండి చల్లితే చీమలను పిలిచినట్టే. తెల్లవారి షట్టర్ ఎడమ మూలలో మాత్రమే అడుగులు కనిపించాయి. అక్కడ నేల అరిగి గుంట పడింది. గుంటను సిమెంటుతో పూడ్చి, షట్టర్ అడుగున రబ్బరు పట్టీ వేయించాం. రబ్బరును ఎలుక కొరకగలదు, కాబట్టి మూలల్లో ఇనుప రేకు కూడా బిగించాం. తరువాత మూడు రాత్రులు పిండి చెదరలేదు.

సందు మూసినా నేల మీద గింజలుంటే పని సగమే అయినట్టు. చిట్టెలుక రోజుకు తినేది సుమారు మూడు గ్రాములే. బస్తా పక్కన రాలిన గుప్పెడు పెసలు, అంటే యాభై గ్రాములు, దానికి పక్షం రోజుల తిండి. పైగా ఆ పెసలమీదే పుచ్చు పురుగు గుడ్లు పెడుతుంది. గింజను వెలుతురులో తిప్పి చూస్తే తెల్లని చుక్కల్లా అంటుకుని ఉంటాయి. మన ఎండల్లో నెల తిరక్కముందే అవి పురుగులై బయటికి వస్తాయి. ఊడ్చిన గింజలను తిరిగి బస్తాలో పోయడం నేను రెండుసార్లు చూశాను. దయచేసి అది మానండి. వాటిని సంచిలో మూటకట్టి ఆ రాత్రే బయటి చెత్తడబ్బాలో వేసి మూత పెట్టండి.

పెంటికలను పొడిగా ఊడ్చవద్దు, ఆ దుమ్ము ఊపిరిలోకి పోతుంది. చేతికి తొడుగు వేసుకుని, బ్లీచింగు నీళ్లు చల్లి, కాసేపు నాననిచ్చి, కాగితంతో ఎత్తండి. ఎలుకల మందు దుకాణంలో ఎక్కడా పెట్టవద్దు. మందు గింజలు సరుకులో కలవవచ్చు, ఎలుక బస్తాల వెనుక చచ్చిపడవచ్చు. బోను చాలు. దాన్ని గోడకు ఆనించి, నోరు గోడ వెంట తెరుచుకునేలా పెట్టండి, ఎందుకంటే ఎలుక గోడ వెంటే నడుస్తుంది.

ఈ వారం పెన్సిలు పరీక్ష ఎవరు చేశారో గల్లాపెట్టె పక్కనున్న పుస్తకంలో తేదీతో రాయండి. నాలుగో పాఠంలో పిండి డబ్బాల మూతలు, పిండి పురుగు గురించి చూద్దాం.